ఏ బిల్లులోనూ లేని 30,90,300: ఆడిటర్‌కు రాసిన జవాబును తిరగరాస్తే

బ్యాంకు స్టేట్‌మెంట్లో 2025 మార్చి 27న 30,90,300 రూపాయలు ఒకే ఆర్‌టీజీఎస్‌లో బయటికి పోయాయి. ఆ డబ్బు అందుకున్న పార్టీ ఖాతా తెరిచి చూస్తే ఆ అంకెతో ఒక్క బిల్లూ లేదు. పైగా అంతకు ముందు సంవత్సరాల్లో ఆ పార్టీకి ఎప్పుడు కట్టినా యాభై వేలో, లక్షో. ఏడాది ముగియడానికి నాలుగు రోజుల ముందు ఉన్నట్టుండి ముప్పై లక్షలు. ఏ ఆడిటర్ అయినా అక్కడ పెన్సిలు పెట్టి ఒక సున్నా చుడతాడు, చుట్టకపోతేనే తప్పు.

ఇది ఆదోనిలో పత్తి గింజ తీసి బేళ్లు కట్టే ఒక జిన్నింగ్ మిల్లు సంగతి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, ఆడిటర్ ఆఫీసు కర్నూల్లో. పేర్లు చెప్పను, అంకెలు కూడా కొంచెం సర్దాను, కానీ వ్యవహారం ఇదే. పత్తి సీజన్ అయిపోయి మిల్లు చల్లబడ్డాక, జూన్ జూలైల్లో ఆడిట్ వాళ్ల ప్రశ్నలు ఒక్కొక్కటే మెయిల్లో దిగుతుంటాయి. దీని మీద వచ్చింది ఒకటే లైను: "ఈ చెల్లింపు ఎందుకు చేశారో వివరణ, ఆధారాలతో పంపగలరు." మిల్లులో అకౌంట్లు రాసే కుర్రాడు, తెలివైనవాడే, పది నిమిషాల్లో జవాబు తయారుచేశాడు. అది ఇలా ఉంది:

> సార్ నమస్తే. మీరు అడిగిన 30,90,300 మన మిల్లు కొత్త ప్రెస్సు మిషను కోసం కట్టింది. ఇది మన రెగ్యులర్ పార్టీయే, చాలా ఏళ్లుగా లావాదేవీలు ఉన్నాయి. ఎండీ గారి అప్రూవల్ ఉంది. సీజన్ కాబట్టి అర్జంటుగా చేయాల్సి వచ్చింది. ఇందులో పాత బ్యాలెన్స్ కూడా కొంత ఉంది. బిల్లులన్నీ జత చేశాం, చూడగలరు. డౌట్ ఉంటే ఫోన్ చేయండి సార్.

కింద ఫోన్లో తీసిన ఫోటోలు ఒక కట్టగా జతచేశాడు, అన్నిటి పేర్లూ `IMG-20250618-WA0013.jpg` లాంటివే.

ఇందులో కావాలని చెప్పిన అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఈ మెయిల్ పంపితే ఒక ప్రశ్న పోయి ఐదు ప్రశ్నలు తిరిగొస్తాయి. ఎట్లాగో చూద్దాం.

"ప్రెస్సు మిషను కోసం కట్టింది" అన్నాడు. బేళ్లు కట్టే ఆ ప్రెస్సు బిల్లు తీస్తే 37,76,000 ఉంది. కట్టింది దానికంటే తక్కువ. ఎందుకు తక్కువ? అడ్వాన్సు పోయిందా, డిస్కౌంటా, ఇంకా బాకీ ఉందా? చదివేవాడికి తెలియదు. తర్వాతి లైన్లలోనే "పాత బ్యాలెన్స్ కూడా కొంత ఉంది" అన్నాడు. అంటే మొత్తం ప్రెస్సుకే కాదన్నమాట. ఆ "కొంత" అన్న మాట ఉంది చూడండి, ఆడిటర్‌కు రాసే ఉత్తరంలో అంతకంటే ఖరీదైన మాట ఇంకోటి లేదు. అది లక్షన్నర కావచ్చు, పదిహేను లక్షలు కావచ్చు.

"రెగ్యులర్ పార్టీ" అనడం భరోసా ఇస్తుందనుకున్నాడు. తిరగబడుతుంది. రెగ్యులర్ పార్టీకి రెగ్యులర్‌గా పోయేది లక్ష లోపే కదా, మరి ఇదేంటి అన్నదే అసలు ప్రశ్న. ఆ మాట ప్రశ్నను మళ్లీ అడిగినట్టే ఉంది.

ఇక "అర్జంటుగా". ప్రెస్సు జనవరిలోనే బిగించి నడిపారు. డబ్బు కట్టింది మార్చి చివర్లో. రెండు నెలలు ఆగి కట్టినదాంట్లో అర్జంటు ఎక్కడుంది? ఎవరూ అడగని కారణం చెప్పబోయి, కాగితాలతో పొసగని కారణం చెప్పాడు. నిజమైన కారణం చాలా మామూలుది. సీజన్లో మిల్లు డబ్బంతా పత్తి కొనడంలో ఇరుక్కుని ఉంటుంది, బేళ్లు అమ్ముడుపోయి ఆ డబ్బు చేతికొచ్చింది మార్చిలో, అప్పుడు కట్టారు. ఇది బ్యాంకు స్టేట్‌మెంట్లో కూడా కనిపిస్తుంది. దాన్నే రాస్తే సరిపోయేది.

ఇంకో సంగతి మన వాళ్లు చాలామంది మరిచిపోతారు. ఈ మెయిల్ ముందుగా చదివేది సీఏ గారు కాదు. ఆయన దగ్గర ఆర్టికల్‌షిప్, అంటే సీఏ చదువులో భాగమైన శిక్షణ, చేస్తున్న ఇరవై ఏళ్ల పిల్లవాడో పిల్లో. వాళ్లు ఆదోని మిల్లును చూసి ఉండరు, ప్రెస్సు అంటే ఏం చేస్తుందో తెలియకపోవచ్చు, ఫోన్ చేసి అడగడానికి మొహమాటం. వాళ్ల పని ఒకటే: బ్యాంకులో పోయిన అంకెను ముక్కలు చేసి, ప్రతి ముక్కను ఒక కాగితం మీద చూసి టిక్కు పెట్టడం. మన మెయిల్ ఆ టిక్కు పెట్టే వరసలో ఉంటే వాళ్ల పని అరగంటలో అయిపోతుంది. లేకపోతే "వివరణ సంతృప్తికరంగా లేదు" అని వర్కింగ్ పేపర్లో రాసి పైకి పంపుతారు, అప్పుడు సీఏ గారు నేరుగా ఎండీకి ఫోన్ చేస్తారు, ఆ తర్వాత మిల్లులో ఎవరికి టెన్షనో చెప్పక్కర్లేదు.

కాబట్టి తిరగరాసేటప్పుడు మొదట చేయాల్సింది మాటలు దిద్దడం కాదు, అంకెను విడగొట్టడం. పార్టీ ఖాతా ముందు పెట్టుకుని కూర్చుంటే 30,90,300 ఇట్లా విడిపోయింది.

ప్రెస్సు ధర 32,00,000. పార్టీది వేరే రాష్ట్రం కాబట్టి 18 శాతం ఐజీఎస్‌టీ 5,76,000. బిల్లు మొత్తం 37,76,000. ఆర్డరు ఇచ్చినప్పుడే ధరలో 30 శాతం, అంటే 9,60,000, అడ్వాన్సు పోయింది. మిగిలింది 28,16,000.

బిగింపు పనికి వేరే బిల్లు: 1,50,000, దాని మీద జీఎస్‌టీ 27,000, మొత్తం 1,77,000. ఇది కాంట్రాక్టు పని కాబట్టి సెక్షన్ 194సి కింద 2 శాతం టీడీఎస్ పట్టారు. జీఎస్‌టీని బిల్లులో విడిగా చూపిస్తే టీడీఎస్ అసలు మొత్తం మీదే పట్టాలి, కాబట్టి 3,000. చేతికిచ్చింది 1,74,000.

విడిభాగాల పాత బిల్లులు రెండు: ఆగస్టుది 61,360, నవంబరుది 86,140. కలిపి 1,47,500.

ఇందులోంచి తగ్గించింది ఒకటి ఉంది. ఆర్డర్లో రాసిన కంపెనీ ప్యానెల్ బోర్డు కాకుండా వేరే రకం బిగించారు. మిల్లు వాళ్లు ఒప్పుకోలేదు, మాటలయ్యాయి, చివరికి పార్టీ 40,000 తగ్గించి జీఎస్‌టీతో కలిపి 47,200కు క్రెడిట్ నోట్ ఇచ్చింది.

28,16,000కు 1,74,000, 1,47,500 కలిపి, 47,200 తీసేస్తే సరిగ్గా 30,90,300. ఒక్క రూపాయి తేడా లేదు. ఈ కూడిక కుదరనంతవరకు మెయిల్ మొదలుపెట్టకూడదు. ఐదు వందల తేడా వచ్చినా "రౌండింగ్" అని దాటేయకుండా అది ఎక్కడిదో పట్టుకోవాలి.

ఇప్పుడు తిరగరాసిన మెయిల్ మొత్తం పెడుతున్నాను, తర్వాత ఎందుకు అట్లా రాశామో చెబుతాను.

> విషయం: 27-03-2025 నాటి ఆర్‌టీజీఎస్ 30,90,300 వివరణ, మీ ప్రశ్నల జాబితాలో 7వది
>
> ఆడిటర్ గారికి నమస్కారం.
>
> ఈ మొత్తం ఒకే బిల్లుకు కట్టింది కాదు. బేళ్ల ప్రెస్సు కొన్న పార్టీకి ఉన్న బాకీలన్నీ కలిపి, తగ్గింపు పోను, ఒకేసారి కట్టి ఖాతా సున్నా చేశాం. విడి లెక్క ఇది. చివర ఉన్న నంబర్లు జతచేసిన పత్రాలవి.
>
> ప్రెస్సు బిల్లు 37,76,000లో అడ్వాన్సు 9,60,000 పోను: 28,16,000 (పత్రాలు 1 నుంచి 8)
> బిగింపు బిల్లు 1,77,000లో టీడీఎస్ 3,000 పోను: 1,74,000 (9, 10)
> విడిభాగాల పాత బిల్లులు రెండు: 1,47,500 (11, 12)
> పార్టీ ఇచ్చిన క్రెడిట్ నోట్ తగ్గింపు: 47,200 (13)
> నికరం: 30,90,300 (14, 15)
>
> మార్చిలోనే ఎందుకు కట్టామంటే, ఆర్డరు ప్రకారం మిగతా డబ్బు మిషను నడిచాక ఇవ్వాలి. జనవరి 20న నడిచింది. ప్యానెల్ బోర్డు తేడా ఫిబ్రవరి 18న క్రెడిట్ నోట్‌తో తేలింది. బేళ్ల అమ్మకం డబ్బు మార్చి మూడో వారంలో వచ్చింది, ఆ వెంటనే కట్టాం.
>
> మా డైరెక్టర్లకు గానీ వాళ్ల బంధువులకు గానీ ఈ పార్టీలో వాటా, పదవి ఏమీ లేవు.
>
> మీ దృష్టికి మేమే తెస్తున్నవి మూడు ఉన్నాయి. ఒకటి, లారీ రసీదు కాపీ మా దగ్గర దొరకలేదు, పార్టీని అడిగాం, రాగానే పంపుతాం. రెండు, ఈ-వే బిల్లు మొదట తీసినప్పటి లారీ నంబరు, మా గేటు రిజిస్టర్‌లోని నంబరు వేరు. దారిలో సరుకు వేరే లారీకి మార్చారు, ఈ-వే బిల్లులో రెండో నంబరు కూడా ఎక్కి ఉంది. మూడు, 12-08-2024 నాటి 61,360 బిల్లుకు 180 రోజులు 08-02-2025తో నిండాయి, మేం కట్టింది మార్చి 27న. అందులోని 9,360 జీఎస్‌టీ క్రెడిట్ రివర్స్ చేయలేదు. దాని లెక్క వడ్డీతో సహా వేరుగా పంపుతాం.
>
> పార్టీ దగ్గర నుంచి మీరు నేరుగా బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ తెప్పించుకోవాలనుకుంటే వాళ్ల అకౌంట్స్ వాళ్ల మెయిల్ ఐడీ బిల్లు మీదే ఉంది. మా ఖాతా ప్రకారం 31-03-2025 నాటికి బాకీ సున్నా.
>
> జతచేసిన పత్రాలు:
> 1. బోర్డు మినిట్స్, 05-07-2024
> 2. రెండు కొటేషన్లు, పోలిక పట్టిక
> 3. పర్చేజ్ ఆర్డరు, 10-07-2024
> 4. అడ్వాన్సు 9,60,000 బ్యాంకు ఎంట్రీ, 15-07-2024
> 5. ప్రెస్సు బిల్లు, 02-12-2024
> 6. ఈ-వే బిల్లు, రెండు లారీ నంబర్లతో
> 7. గేటు రిజిస్టర్ పేజీ, కాటా చీటీ, 06-12-2024
> 8. మిషను నడిపి చూసిన రిపోర్టు, 20-01-2025, సీరియల్ నంబరు ప్లేటు ఫోటో
> 9. బిగింపు బిల్లు, 24-01-2025
> 10. టీడీఎస్ చలాను, 05-02-2025
> 11. విడిభాగాల బిల్లు 61,360, 12-08-2024, స్టోర్స్ రసీదు
> 12. విడిభాగాల బిల్లు 86,140, 09-11-2024, స్టోర్స్ రసీదు
> 13. క్రెడిట్ నోట్ 47,200, 18-02-2025, దానికి ముందు జరిగిన మెయిళ్లు
> 14. పార్టీ ఖాతా, 01-04-2024 నుంచి 31-03-2025
> 15. బ్యాంకు స్టేట్‌మెంట్ మార్చి పేజీ, యూటీఆర్ నంబరు గుర్తుపెట్టి

పొడుగ్గానే ఉంది. ఉండనీ. ఆడిటర్‌కు చిన్న మెయిల్ రాస్తే గౌరవం అనుకునేవాళ్లున్నారు, కానీ ఆ తర్వాత పది మెయిళ్లు తిరిగితే ఎవరి టైమ్ మిగిలింది?

ఇందులో నేను ఎక్కువగా మాట్లాడాలనుకున్నది పత్రాల వరస గురించి. కుర్రాడు మొదట తేదీల వరసలో పెడదామన్నాడు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ తేదీల వరసలో పెడితే జూలైలో ప్రెస్సు ఆర్డరు, ఆగస్టులో విడిభాగాల బిల్లు, నవంబరులో ఇంకో విడిభాగాల బిల్లు, డిసెంబరులో మళ్లీ ప్రెస్సు బిల్లు, ఇట్లా రెండు కథలు జడలాగా అల్లుకుపోతాయి. చదివే ఆర్టికల్ కుర్రాడు మూడో కాగితం దగ్గరే దారి తప్పుతాడు. అట్లాగని బిల్లులన్నీ ఒక చోట, బ్యాంకు కాగితాలన్నీ ఒక చోట పెట్టినా లాభం లేదు, అది బీరువా సర్దినట్టు ఉంటుందే గానీ ప్రశ్నకు జవాబు కాదు. అంకె ఎన్ని ముక్కలైందో అన్ని గుంపులు పెట్టాలి, ఒక్కో గుంపు లోపల మాత్రం తేదీల వరస. ఎవరు ఒప్పుకున్నారు, ఎంతకు ఒప్పుకున్నారు, సరుకు వచ్చిందా, పనిచేసిందా, ఎంత కట్టారు. మొత్తం ఖాతా, బ్యాంకు కాగితం చివర, ఎందుకంటే అవి అన్ని గుంపులకూ ఉమ్మడివి.

ఫైళ్ల పేర్లు కూడా ఆ నంబర్లతోనే మొదలవ్వాలి: `05_Invoice_Press_02-12-2024.pdf`, `06_Eway_Bill.pdf`. ఒకటిని `01` అని రాయాలి, లేకపోతే కొన్ని చోట్ల ఫైళ్ల జాబితాలో 1 పక్కన 10, 11 వచ్చి కూర్చోవచ్చు, మనం ఇంత కష్టపడి పెట్టిన వరస అక్కడ చెడిపోతుంది.

కాగితాలన్నిటికీ ఒకే బలం ఉండదు. ఆడిటర్ల ప్రమాణాల్లోనే ఉంది ఇది: బయటివాళ్ల దగ్గర నుంచి వచ్చిన ఆధారానికి విలువ ఎక్కువ, కంపెనీ లోపల తయారైనదానికి తక్కువ. మన వోచరు మనమే రాసుకుంటాం, మన గేటు రిజిస్టర్ మన వాచ్‌మనే రాస్తాడు. ఈ-వే బిల్లు మాత్రం ప్రభుత్వ పోర్టల్లో ఉంటుంది, మనం దిద్దలేం. బ్యాంకు స్టేట్‌మెంట్, టీడీఎస్ చలాను కూడా అంతే. క్రెడిట్ నోట్ పార్టీ ఇచ్చింది, అది మన కొనుగోళ్ల క్రెడిట్లు చూపే జీఎస్‌టీఆర్-2బిలో కనిపించాలి. అందుకే లోపలి కాగితం పక్కనే బయటి కాగితం ఒకటి ఉండేలా చూసుకోవాలి. గేటు రిజిస్టర్ ఒక్కటే పెడితే అది మన మాట. దాని ముందు ఈ-వే బిల్లు ఉంటే అప్పుడు అది సాక్ష్యం.

క్రెడిట్ నోట్ విషయంలో చాలా మిల్లుల్లో ఒక అలవాటు ఉంది, పార్టీ ఫోన్లో "సరేలే, నలభై వేలు తగ్గించుకోండి" అంటాడు, వీళ్లు తమ వైపు డెబిట్ నోట్ ఒకటి రాసుకుని తగ్గించి కడతారు. లెక్క కుదురుతుంది గానీ పార్టీ తన రిటర్న్‌లో క్రెడిట్ నోట్ చూపకపోతే జీఎస్‌టీలో ఆ తగ్గింపు కనపడదు, ఏడాది తర్వాత రెండు ఖాతాలూ పొసగవు. ఇక్కడ అదృష్టం కొద్దీ పార్టీ సరైన క్రెడిట్ నోట్ ఇచ్చింది, మిల్లు ఆ 40,000 మీది 7,200 జీఎస్‌టీ క్రెడిట్‌ను ఫిబ్రవరి రిటర్న్‌లో తగ్గించుకుంది కూడా.

ఇప్పుడు "మీ దృష్టికి మేమే తెస్తున్నవి" అన్న పేరా. దీని మీద మిల్లులో పెద్ద చర్చే జరిగింది. సావుకారి చదివి, "ఏమప్పా, వాళ్లు అడగందానికి మనమే ఎందుకు చెప్పుకోవాల?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ మూడింటినీ ఒక్కొక్కటిగా చూడండి. లారీ నంబర్ల తేడా ఆరో పత్రం, ఏడో పత్రం పక్కపక్కన పెడితే రెండు నిమిషాల్లో కనపడేది. మనం చెప్పకుండా వాళ్లు పట్టుకుంటే అది "సరుకు నిజంగా వచ్చిందా" అన్న అనుమానం. మనం ముందే చెబితే అది దారిలో లారీ మారిన సంగతి, అంతే. ఒకే తేడా, చెప్పిన వరస బట్టి బరువు మారిపోతుంది.

180 రోజుల సంగతి కొంచెం కష్టమైనదే. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో పార్టీకి డబ్బు కట్టకపోతే, ఆ బిల్లు మీద తీసుకున్న జీఎస్‌టీ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కివ్వాలి, కట్టాక మళ్లీ తీసుకోవచ్చు. ఆగస్టు బిల్లు స్టోర్స్‌లోనే ఎక్కడో ఉండిపోయి మార్చి దాకా కట్టలేదు. 9,360 చిన్న మొత్తమే. కానీ ఈ పెద్ద చెల్లింపులో పాత బిల్లులు కలిసి ఉన్నాయని మనమే రాశాక, ఆ బిల్లుల తేదీలు చూసిన మరుక్షణం ఆడిటర్ రోజులు లెక్కపెడతాడు. మొదటి మెయిల్లోని "పాత బ్యాలెన్స్ కొంత" అన్న మాట కప్పిపుచ్చింది సరిగ్గా దీన్నే, కుర్రాడికి తెలియకుండానే. పార్టీ గనక సూక్ష్మ, చిన్న తరహా తయారీ సంస్థగా నమోదై ఉంటే 45 రోజుల్లోపు కట్టాలన్న గడువు గొడవ కూడా వచ్చేది. ఇక్కడ పార్టీ మధ్యతరహా సంస్థ కాబట్టి అది తప్పింది. అయినా సంస్థ ఏ తరహాదో చెప్పే ఉద్యమ్ సర్టిఫికెట్ పార్టీని అడిగి ఫైల్లో పెట్టుకోవడం మంచిది.

మూడోది లేని కాగితం. లారీ రసీదు లేదు. ఇక్కడే కొంతమంది అతి తెలివి చూపిస్తారు. లేని కొటేషన్ తయారుచేయడం, మినిట్స్ పుస్తకంలో ఖాళీ చూసి పాత తేదీతో తీర్మానం రాయడం, వోచరును వెనక తేదీకి దిద్దడం. తప్పు అన్న మాట పక్కన పెట్టండి, అసలు దాగదు. 2023 ఏప్రిల్ నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ ఉండి తీరాలి, దాన్ని ఆపడానికి వీల్లేదు, అది పనిచేసిందా లేదా అని ఆడిటర్ తన రిపోర్టులో రాయాలి కూడా. మార్చి ఎంట్రీని జూన్లో దిద్దితే జూన్ తేదీ అక్కడ ఉంటుంది. లారీ రసీదు లేకపోవడం చిన్న లోటు. ప్రశ్న వచ్చాక పుట్టిన కాగితం ఒక్కటి దొరికితే మిగతా పద్నాలుగింటి మీదా నమ్మకం పోతుంది.

డైరెక్టర్ల సంబంధం గురించి ఒక వాక్యం రాశాం, ఎవరూ అడగలేదు. ఏడాది చివర్లో పెద్ద మొత్తం బయటికి పోతే ఆడిటర్ మనసులో ఉండే ప్రశ్న "ఇది మన వాళ్లకేనా పోయింది?" అన్నది, మొహం మీద అడగలేడు. నిజమైతే ఆ వాక్యం రాసేయండి. సంబంధం ఉంటే ఇంకా ముందు రాయాలి, ఎందుకంటే అప్పుడు దాన్ని బ్యాలెన్స్ షీట్ నోట్లలో చూపించాలి.

బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ దగ్గర కూడా ఒక మెలిక ఉంది. మనమే పార్టీ దగ్గర ఉత్తరం తీసుకుని జతచేస్తే పని అయిపోయినట్టు అనిపిస్తుంది. కానీ మన చేతుల మీదుగా వచ్చిన ఉత్తరానికి విలువ తగ్గుతుంది, ఆడిటర్ నేరుగా రాసి నేరుగా తెప్పించుకున్నదే లెక్క. అందుకే ఉత్తరం పెట్టకుండా మెయిల్ ఐడీ చూపించాం. అది కూడా బిల్లు మీద అచ్చయి ఉన్నదే, మనం కొత్తగా చెప్పిన నంబరు కాదు.

సరుకు కొనుగోళ్ల మీద 194క్యూ కింద టీడీఎస్ ఎందుకు పట్టలేదని కూడా అడుగుతారేమో అని కుర్రాడు భయపడ్డాడు. ఆ సెక్షన్ వర్తించాలంటే కొనేవాళ్ల టర్నోవరు ముందు ఏడాది 10 కోట్లు దాటాలి, ఆ పార్టీ దగ్గర ఏడాదిలో కొన్నది 50 లక్షలు దాటాలి. మిల్లు టర్నోవరు దాటింది, కొన్నది మాత్రం జీఎస్‌టీ కలిపినా 50 లక్షలకు చాలా కింద ఉంది. పార్టీ ఖాతాలోనే కనిపించే దానికి మెయిల్లో ఇంకో పేరా అక్కర్లేదని వదిలేశాం. ఇవన్నీ 2024-25 నాటి సెక్షన్లు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి నంబర్లు మారాయి కాబట్టి పాత మెయిల్‌ను కాపీ కొట్టేవాళ్లు అది చూసుకోవాలి.

మెయిల్ వెళ్లిన రెండో రోజు కర్నూలు నుంచి ఒకే ప్రశ్న వచ్చింది, అది కూడా చెల్లింపు గురించి కాదు. ఆస్తుల రిజిస్టర్‌లో ప్రెస్సు 33,10,000 అని ఉంది, బిల్లులోనూ బ్యాంకులోనూ ఆ అంకె లేదు, ఎట్లా వచ్చింది అని. ధర 32,00,000లో క్రెడిట్ నోట్ 40,000 తీసేసి, బిగింపు 1,50,000 కలిపితే 33,10,000. జీఎస్‌టీ క్రెడిట్ తీసుకున్నారు కాబట్టి దాన్ని ఆస్తి ధరలో కలపకూడదు, కలిపి తరుగుదల కూడా తీసుకుంటే ఒకే పన్నుకు రెండు లాభాలు. ఈ ఒక్క లైను మేం పంపిన మెయిల్లోనే విడి లెక్క కింద రాసి ఉంటే ఆ ప్రశ్న కూడా వచ్చేది కాదు, మీరు రాసేటప్పుడు కలుపుకోండి.

దాంతోపాటు వాళ్లు ఎనిమిదో పత్రాన్ని ప్రత్యేకంగా అడిగి ఒరిజినల్ చూశారు. కారణం ఉంది. ఆదాయపు పన్ను లెక్కలో మిషను ఆ ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే తరుగుదల సగమే వస్తుంది. జనవరి 20న నడిచిన ప్రెస్సుకు 15 శాతానికి బదులు 7.5 శాతం. బిల్లు డిసెంబరుది, అడ్వాన్సు జూలైది, డబ్బు మార్చిది, వాటిలో ఏదీ ఈ లెక్కకు పనికిరాదు, మిషను నడిచిన రోజే కావాలి. మిల్లు ఫిట్టరు, పార్టీ మనిషి ఇద్దరూ సంతకాలు పెట్టిన ఆ ఒక పేజీ రిపోర్టు మీద, సీరియల్ నంబరు బిల్లులోని నంబరుతో కలిసిందని చూసి, ఆడిటర్ ఆఫీసులో ఆర్టికల్‌షిప్ చేస్తున్న అమ్మాయి టిక్కు పెట్టుకుని ఏడో ప్రశ్నను మూసేసింది.